దిగుమతి సుంకం లెక్క: చెక్‌లిస్ట్‌కు ఓకే చెప్పే ముందు మీరే వేసి చూసుకోండి

విదేశం నుంచి మొదటిసారి సరుకు తెప్పించుకునేవాళ్లలో చాలామంది సుంకం అంచనా ఇలా వేస్తారు. బేసిక్ కస్టమ్స్ డ్యూటీ 7.5 శాతం, దాని మీద సర్‌ఛార్జి 0.75 శాతం, ఐజీఎస్టీ 18 శాతం. మూడూ కలిపితే 26.25. ఇన్‌వాయిస్ మొత్తాన్ని రూపాయల్లోకి మార్చి, అందులో 26.25 శాతం పక్కన పెట్టుకుంటారు. సరుకు రేవుకు చేరాక క్లియరింగ్ ఏజెంట్ చెప్పిన మొత్తం అంతకంటే ఎక్కువ ఉంటుంది. అప్పటికప్పుడు డబ్బు సర్దుబాటు చేసుకోవాలి, సరుకేమో పోర్టులో ఆగి ఉంటుంది. ఏజెంట్ కస్టమ్స్‌కు దాఖలు చేసే ముందు మీకు పంపే చెక్‌లిస్ట్‌ను మీ సొంత లెక్కతో పోల్చి చూసుకుంటే ఆ టెన్షన్ అంతా ముందే తప్పించుకోవచ్చు.

ఆ అంచనాలో రెండు పొరపాట్లు ఉన్నాయి. ఈ మూడింటినీ ఒకే మొత్తం మీద వేయరు, కాబట్టి శాతాలను నేరుగా కూడకూడదు. రెండోది, ఇన్‌వాయిస్ మీద ఉన్న ధర మీద సుంకం వేయరు. ఆ ధరకు మరికొన్ని ఖర్చులు కలిపి తేల్చిన విలువ మీద వేస్తారు. రెండో పొరపాటే ఎక్కువ నష్టం చేస్తుంది, అందుకే ఈ వ్యాసంలో ఎక్కువ చోటు దానికే ఇస్తున్నాను.

లెక్క మొత్తం ఈ నాలుగు వరుసలే. ఎక్సెల్‌లో ఇలాగే పెట్టుకోండి.

```
AV   = (FOB + Freight + Insurance) × Exchange rate
BCD  = AV × 7.5%
SWS  = BCD × 10%
IGST = (AV + BCD + SWS) × 18%
```

ఏవీ అంటే అసెసబుల్ వాల్యూ, సుంకం వేయడానికి ఆధారమైన విలువ. ఎఫ్‌ఓబీ అంటే అమ్మకందారు తన దేశపు రేవులో ఓడ ఎక్కించేవరకు ఉన్న ధర. బీసీడీ బేసిక్ కస్టమ్స్ డ్యూటీ. ఎస్‌డబ్ల్యూఎస్ అంటే సోషల్ వెల్ఫేర్ సర్‌ఛార్జి. అంతకుముందున్న 3 శాతం ఎడ్యుకేషన్ సెస్సుల స్థానంలో 2018 బడ్జెట్‌తో ఇది వచ్చింది. 7.5, 18 అనేవి ఇక్కడ ఉదాహరణకు తీసుకున్న రేట్లు. మీ సరుకు హెచ్‌ఎస్‌ఎన్ కోడ్‌ను బట్టి అవి మారతాయి, వరుస మాత్రం మారదు.

ఒక సరుకును తీసుకుని మొదటి నుంచి చివరి దాకా వేసి చూద్దాం. మీరు చిన్న ఆహార పదార్థాల యూనిట్ నడుపుతున్నారు, జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉంది. చైనా నుంచి ఒక ప్యాకింగ్ మెషీన్ కొన్నారు. ఎఫ్‌ఓబీ ధర 20,000 డాలర్లు. ఓడలో విశాఖపట్నం వస్తుంది. ఓడ కిరాయి 1,375 డాలర్లు మీరే, రవాణా ఏర్పాట్లు చూసే ఫార్వర్డర్‌కు కడుతున్నారు. ఇన్సూరెన్స్ చేయించలేదు.

మొదటి మెట్టు: అసెసబుల్ వాల్యూ తేల్చడం

కస్టమ్స్ చట్టం 1962లోని 14వ సెక్షన్, దాని కింద 2007లో వచ్చిన వాల్యుయేషన్ నిబంధనలు ఈ విలువను ఎలా కట్టాలో చెబుతాయి. వాటి సారం ఇది: సరుకుకు మీరు నిజంగా చెల్లించిన లేదా చెల్లించబోయే ధర తీసుకోవాలి. సరుకు మన దేశంలోని దిగుమతి స్థలానికి చేరేవరకు అయిన రవాణా, బీమా ఖర్చులు దానికి కలపాలి. రేవు దాటాక మీ యూనిట్ దాకా లారీకి ఇచ్చే కిరాయి ఇందులోకి రాదు.

కాబట్టి మొదట చూడాల్సింది ఇన్‌వాయిస్ మీద ధర పక్కన రాసిన షరతు. ఎఫ్‌ఓబీ అని ఉంటే అమ్మకందారు తన దేశపు రేవులో ఓడ ఎక్కించేవరకే ఖర్చు పెట్టాడు, కిరాయి, బీమా రెండూ మీరు కలపాలి. సీ అండ్ ఎఫ్ అని ఉంటే కిరాయి ధరలోనే ఉంది, బీమా ఒక్కటే కలపాలి. సీఐఎఫ్ అని ఉంటే రెండూ ఉన్నాయి, ఏదీ కలపనక్కర్లేదు. ఎక్స్‌వర్క్స్ అని ఉంటే మాత్రం జాగ్రత్త. ఆ ధర అమ్మకందారు ఫ్యాక్టరీ గేటు వరకే. అక్కడి నుంచి ఆ దేశపు రేవుకు లారీ ఖర్చు, అక్కడ ఓడ ఎక్కించే ఖర్చు కూడా మీరే లెక్కలోకి తేవాలి.

ఇన్‌వాయిస్ చెప్పేది నిజమో కాదో బిల్ ఆఫ్ లేడింగ్, అంటే సరుకు ఎక్కించుకున్నట్టు ఓడ కంపెనీ ఇచ్చే పత్రం చూస్తే తెలిసిపోతుంది. ఎఫ్‌ఓబీ కొనుగోలైతే దాని మీద సాధారణంగా ఫ్రైట్ కలెక్ట్ అని, సీఐఎఫ్ అయితే ఫ్రైట్ ప్రీపెయిడ్ అని ఉంటుంది. ఇన్‌వాయిస్ మీద ఎఫ్‌ఓబీ, బిల్ ఆఫ్ లేడింగ్ మీద ప్రీపెయిడ్ అని ఉంటే రెండింటికీ పొత్తు కుదరడం లేదన్నమాట. కిరాయి అమ్మకందారు కట్టి ధరలో కలిపేశాడా, లేక విడిగా మీ దగ్గర వసూలు చేస్తాడా? ఈ సంగతి సరుకు ఓడలో ఉండగానే మెయిల్ పెట్టి రాతపూర్వకంగా తెలుసుకోండి. తెలుసుకోకుండా వదిలేస్తే కిరాయి రెండుసార్లు లెక్కలో పడుతుంది, లేదా అసలు పడకుండా పోయి తర్వాత అధికారి ప్రశ్న వేస్తారు.

ఇప్పుడు కిరాయి. ఫార్వర్డర్ పంపే బిల్లులో ఓడ కిరాయి ఒక్కటే ఉండదు. విశాఖలో కంటైనర్ దించే టెర్మినల్ ఛార్జీలు, డెలివరీ ఆర్డర్ ఫీజు, డాక్యుమెంటేషన్ ఫీజు అని మరో నాలుగైదు వరుసలుంటాయి. సరుకును ఇక్కడి రేవుకు చేర్చిన కిరాయినే అసెసబుల్ వాల్యూలో కలపాలి. ఇక్కడి రేవులో దించాక అయ్యే హ్యాండ్లింగ్ ఖర్చును కలపకూడదు. ఒకప్పుడు ఆ హ్యాండ్లింగ్ కింద ల్యాండింగ్ ఛార్జీలంటూ సీఐఎఫ్ మీద 1 శాతం తప్పనిసరిగా కలిపేవారు. 2017 సెప్టెంబర్ 26 నుంచి దాన్ని తీసేశారు. పాత ఎక్సెల్ షీట్లలో ఆ 1 శాతం వరుస ఇప్పటికీ కనిపిస్తుంటుంది. మీకెవరైనా రెడీమేడ్ షీట్ ఇస్తే ముందు దాన్నే వెతకండి. మన మెషీన్ విషయంలో ఆ ఒక్క వరుస వల్ల దాదాపు 5,400 రూపాయలు అదనంగా అంచనా వేసుకుంటారు.

కాబట్టి ఫార్వర్డర్‌ను ఓడ కిరాయిని విడగొట్టి చూపించే ఫ్రైట్ ఇన్‌వాయిస్ లేదా ఫ్రైట్ సర్టిఫికెట్ అడగండి. ఈ కాగితం చేతిలో లేకపోతే ఏమవుతుందో చూడండి. అసలు కిరాయి ఎంతో తేల్చలేని పరిస్థితిలో నిబంధనల ప్రకారం ఎఫ్‌ఓబీ ధరలో 20 శాతాన్ని కిరాయిగా లెక్కిస్తారు. మన మెషీన్‌కు అది 4,000 డాలర్లు. అసలు కిరాయి 1,375 మాత్రమే. అంటే లేని 2,625 డాలర్లు విలువలో చేరాయి. డాలరు 90 రూపాయలనుకుంటే 2,36,250 రూపాయలు. దాని మీద పడే అదనపు సుంకం, పన్ను కలిపి సుమారు 65,524 రూపాయలు. ఒక్క కాగితం తెప్పించుకోనందుకు ఇంత.

బీమా లెక్క దీనికంటే తేలిక. పాలసీ ఉంటే అసలు ప్రీమియం కలపాలి. లేకపోతే, ఎంతో తెలియకపోతే, ఎఫ్‌ఓబీలో 1.125 శాతం తీసుకుంటారు. ఇన్సూరెన్స్ చేయించలేదు కదా, సున్నా వేసేద్దామంటే కుదరదు. మన లెక్కలో 20,000 మీద 1.125 శాతం అంటే 225 డాలర్లు. సీ అండ్ ఎఫ్ ధర మాత్రమే తెలిసినప్పుడు ఈ 1.125 శాతాన్ని ఆ మొత్తం ధర మీద వేస్తారు.

మొత్తం కలిపితే: 20,000 + 1,375 + 225 = 21,600 డాలర్లు.

ఇక్కడితో ఆగకండి. ఇన్‌వాయిస్‌లో లేకపోయినా విలువలో చేరాల్సినవి కొన్ని ఉంటాయి. మీ ప్యాకెట్ సైజుకు తగ్గట్టు అమ్మకందారు ప్రత్యేకంగా ఒక డై చేయించి, దాని డబ్బు రెండు నెలల ముందే విడిగా తీసుకున్నాడనుకోండి. మెషీన్ ఇన్‌వాయిస్‌లో అది కనిపించదు. అయినా అది ఈ సరుకు కోసం మీరిచ్చిన డబ్బే, విలువలో చూపించాలి. తయారీకి మీరు ఉచితంగా పంపిన అచ్చులు, అమ్మకానికి షరతుగా కట్టే రాయల్టీ కూడా ఇలాంటివే. వారంటీ కింద ఉచితంగా వచ్చే స్పేర్ పార్టుకు కూడా విలువ ఉంటుంది. డబ్బు చేతులు మారలేదు కాబట్టి సుంకం లేదనుకోవద్దు. విదేశీ కంపెనీ బ్యాంకు ఖాతాకు మీరు పంపిన ప్రతి చెల్లింపునూ ఒకచోట రాసుకుని, ఇన్‌వాయిస్ మొత్తంతో పోల్చి చూడండి. తేడా వస్తే అది దేనికో మీరు చెప్పగలగాలి.

సరుకు నవషేవా లాంటి రేవులో దిగి, అక్కడి నుంచి హైదరాబాద్ సనత్‌నగర్‌లోని ఐసీడీకి, అంటే రేవుకు దూరంగా లోపలి ఊళ్లో ఉండే కస్టమ్స్ కంటైనర్ డిపోకు ట్రాన్స్‌షిప్‌మెంట్ మీద వస్తే, ఆ లోపలి ప్రయాణం ఖర్చును విలువలో కలపకూడదని నిబంధనలే చెబుతున్నాయి. ఫార్వర్డర్ షాంఘై నుంచి సనత్‌నగర్ దాకా ఒకే కిరాయి వేస్తే, రేవు వరకు ఎంత, లోపలి రవాణాకు ఎంత అని విడగొట్టించుకోండి.

విమానంలో వస్తే ఒక రక్షణ ఉంది

అదే మెషీన్ అర్జెంటుగా కావాలని విమానంలో తెప్పించారనుకోండి. కిరాయి 6,500 డాలర్లు అయింది. అంతా విలువలో కలిపితే సుంకం చాలా పెరుగుతుంది. అందుకే విమాన రవాణాకు పరిమితి పెట్టారు. అసలు కిరాయి ఎంతైనా, ఎఫ్‌ఓబీలో 20 శాతానికి మించి కలపరు. మన లెక్కలో 4,000 డాలర్లే. మిగిలిన 2,500 డాలర్లు, అంటే 90 చొప్పున 2,25,000 రూపాయలు విలువలోకి రావు. దాని వల్ల దాదాపు 62,400 రూపాయలు మిగులుతాయి.

చాలామంది ఇక్కడ పొరబడతారు. ఈ 20 శాతం గరిష్ఠ పరిమితే తప్ప స్థిరమైన రేటు కాదు. విమాన కిరాయి ఎఫ్‌ఓబీలో 9 శాతమే అయితే ఆ 9 శాతమే కలపాలి. ఓడ రవాణాకేమో ఈ పరిమితి అసలు లేదు. బరువెక్కువ, ధర తక్కువ ఉన్న సరుకులకు ఓడ కిరాయి 20 శాతం దాటినా అసలు మొత్తం కలపాల్సిందే.

రెండో మెట్టు: ఏ డాలరు రేటు?

బ్యాంకులో మీరు కొన్న రేటు కాదు. అడ్వాన్సు పంపిన రోజున 88 పడిందా, మిగతాది కట్టిన రోజున 92 పడిందా అన్నది కస్టమ్స్‌కు అక్కర్లేదు. కేంద్ర పరోక్ష పన్నుల, కస్టమ్స్ బోర్డు సీబీఐసీ ప్రకటించే మారకపు రేటే లెక్క, అదీ మీ బిల్ ఆఫ్ ఎంట్రీ, అంటే కస్టమ్స్‌కు ఇచ్చే దిగుమతి ప్రకటన దాఖలైన రోజు అమల్లో ఉన్నది. ఇప్పుడు ఈ రేట్లు కస్టమ్స్ వాళ్ల ఐస్‌గేట్ పోర్టల్లో కనిపిస్తాయి. దిగుమతికి ఒక రేటు, ఎగుమతికి ఒక రేటు పక్కపక్కనే ఉంటాయి, దిగుమతిదే చూడండి. జపాన్ యెన్, కొరియా వాన్ అయితే ఆ రేటు ఒక్క యూనిట్‌కు కాదు, 100 యూనిట్లకు ఇస్తారు. ఎక్సెల్‌లో 100తో భాగించడం మరిచిపోతే విలువ వంద రెట్లు కనిపిస్తుంది. అంత పెద్ద తప్పు కాబట్టి వెంటనే కంటబడుతుంది, అంతవరకు నయం.

ఇక్కడ లెక్క సులువుగా ఉండటానికి డాలరు 90 రూపాయలనుకుందాం. 21,600 × 90 = 19,44,000 రూపాయలు. ఇదే మన అసెసబుల్ వాల్యూ.

రూపాయి రేటు కదిలే రోజుల్లో ముందు అంచనాకూ అసలుకూ తేడా వస్తుంది. డాలరు ఒక్క రూపాయి పెరిగితే మన విలువ 21,600 రూపాయలు పెరుగుతుంది, సుంకం, పన్ను కలిపి సుమారు 5,990 పెరుగుతాయి. అందుకే డబ్బు సిద్ధం చేసుకునేటప్పుడు రెండు రూపాయలు ఎక్కువ రేటుతో ఇంకోసారి వేసి చూసుకోవడం మంచిది.

మూడో మెట్టు: ఒకదాని మీద ఒకటి

బేసిక్ డ్యూటీ: 19,44,000 మీద 7.5 శాతం, 1,45,800 రూపాయలు.

సర్‌ఛార్జి: ఆ 1,45,800 మీద 10 శాతం, 14,580 రూపాయలు. 10 శాతం అనగానే కొందరు అసెసబుల్ వాల్యూ మీద వేసేస్తారు. అలా వేస్తే 1,94,400 వస్తుంది, పూర్తిగా తప్పు. ఈ సర్‌ఛార్జి సుంకం మీద వేసేదే కానీ సరుకు విలువ మీద కాదు. ఐజీఎస్టీ మీద కూడా దీన్ని వేయరు.

ఐజీఎస్టీ: కస్టమ్స్ టారిఫ్ చట్టం 1975లోని 3వ సెక్షన్ ప్రకారం దీనికి ఆధారం అసెసబుల్ వాల్యూ, బేసిక్ డ్యూటీ, సర్‌ఛార్జి మూడూ కలిపిన మొత్తం. 19,44,000 + 1,45,800 + 14,580 = 21,04,380. దాని మీద 18 శాతం 3,78,788.40 రూపాయలు.

మూడూ కలిపితే 5,39,168.40. సుంకం మొత్తాన్ని దగ్గరి రూపాయికి సవరిస్తారు, కాబట్టి 5,39,168 అనుకోండి. రేట్లు నేరుగా కూడి 26.25 శాతం వేసుకుంటే 5,10,300 వచ్చేది. తేడా 28,868 రూపాయలు. ఈ తేడా ఎక్కడిదంటే, సుంకం మీద, సర్‌ఛార్జి మీద పడిన ఐజీఎస్టీ: 1,60,380 మీద 18 శాతం.

దీని నుంచి సరిచూసుకోవడానికి ఒక చిన్న పద్ధతి దొరుకుతుంది. మొత్తం సుంకాన్ని అసెసబుల్ వాల్యూతో భాగిస్తే వచ్చే శాతం, రేట్లను బట్టి ఎప్పుడూ ఒకటే ఉంటుంది. ఐజీఎస్టీ 18 శాతం ఉన్నప్పుడు, బేసిక్ డ్యూటీ 5 శాతమైతే 24.49, 7.5 అయితే 27.735, 10 అయితే 30.98, 20 అయితే 43.96. ఏజెంట్ పంపిన అంకెలతో ఈ భాగహారం ఒకసారి చేయండి. ఈ శాతం రాకపోతే మూడు కారణాల్లో ఒకటి ఉంటుంది: వేరే రేటు వాడారు, ఏదో సెస్ చేరింది, లేదా సర్‌ఛార్జి మినహాయింపు వర్తించింది.

రేట్ల విషయంలో ఒక మాట. టారిఫ్‌లో అచ్చయిన రేటు, మీరు నిజంగా కట్టే రేటు ఒకటే కానవసరం లేదు. మినహాయింపు నోటిఫికేషన్లతో చాలా సరుకులకు రేటు తగ్గుతుంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ రేట్లు కూడా మారాయి, 12, 28 శాతం శ్లాబుల్లోని చాలా సరుకులు 5, 18 శాతాల్లోకి వచ్చాయి. అంతకుముందు తయారైన షీట్లో ఐజీఎస్టీ రేటు చూడకుండా నమ్మవద్దు. కొన్ని సరుకుల మీద వ్యవసాయ మౌలిక సదుపాయాల సెస్, అంటే ఏఐడీసీ ఉంటుంది. అది కూడా ఐజీఎస్టీ ఆధారంలో కలుస్తుంది. సెస్ ఉన్న 82 టారిఫ్ లైన్లకు 2025 బడ్జెట్‌లో సర్‌ఛార్జి మినహాయించారు. కాబట్టి అలవాటుగా 10 శాతం వేసుకోకుండా మీ కోడ్‌కు సర్‌ఛార్జి ఉందో లేదో చూసుకోండి.

మరీ చవగ్గా వచ్చిపడే విదేశీ సరుకుల మీద వేసే యాంటీ డంపింగ్ డ్యూటీ ఉన్న సరుకైతే ఇంకో పొర చేరుతుంది. చాలాసార్లు అది శాతంగా కాకుండా టన్నుకో, కిలోకో ఇన్ని డాలర్లని ఉంటుంది. దాని మీద సర్‌ఛార్జి వేయరు, కానీ ఐజీఎస్టీ ఆధారంలో అది కలుస్తుంది. ఎంత వస్తుందన్నది తయారీదారు పేరు మీద, దేశం మీద ఆధారపడి ఉంటుంది కాబట్టి ఆర్డర్ ఇచ్చేముందే నోటిఫికేషన్ చదవాలి. సరుకు ఓడెక్కాక తెలిస్తే చేయగలిగేది ఏమీ ఉండదు.

వాణిజ్య ఒప్పందం వర్తిస్తే నిజంగా మిగిలేదెంత?

ఇదే మెషీన్ జపాన్ లాంటి ఒప్పంద దేశంలో తయారై, ఆ ఒప్పందం కింద దాని బేసిక్ డ్యూటీ సున్నా అయిందనుకోండి. సున్నా మీద 10 శాతం సున్నానే కాబట్టి సర్‌ఛార్జి కూడా పోతుంది. ఐజీఎస్టీ నేరుగా 19,44,000 మీద 18 శాతం, 3,49,920 రూపాయలు. కట్టాల్సింది 5,39,168 నుంచి 3,49,920కి తగ్గింది, 1,89,248 రూపాయలు తక్కువ.

కానీ బేరమాడేటప్పుడు ఈ 1,89,248ను లాభంగా లెక్కేసుకోకండి. మీకు జీఎస్టీ క్రెడిట్ వచ్చే పక్షంలో అసలు ఆదా 1,60,380 మాత్రమే, అంటే బేసిక్ డ్యూటీ, సర్‌ఛార్జి. మిగతా 28,868 ఎలాగూ క్రెడిట్‌గా తిరిగి వచ్చేదే. జపాన్ మెషీన్ ధర చైనాదానికంటే ఎంత ఎక్కువైనా గిట్టుతుందో తేల్చేది ఈ చిన్న అంకె.

ఈ రాయితీకి సర్టిఫికెట్ ఆఫ్ ఆరిజిన్ ఒక్కటే చాలదు. 2020 సెప్టెంబర్ 21 నుంచి అమల్లో ఉన్న కారోటార్ నిబంధనల ప్రకారం, ఆ సరుకు నిజంగా ఆ దేశంలోనే తయారైందని చూపే సమాచారం దిగుమతిదారు దగ్గర ఉండాలి. అధికారి అడిగినప్పుడు ఇవ్వలేకపోతే పూర్తి సుంకం మీద పడుతుంది.

చెక్‌లిస్ట్ వచ్చినప్పుడు

బిల్ ఆఫ్ ఎంట్రీ దాఖలు చేసే ముందు క్లియరింగ్ ఏజెంట్ మీకు చెక్‌లిస్ట్ పంపుతాడు. ఎక్కువమంది ఫోన్లోనే చూసి ఓకే అని మెసేజ్ పెట్టేస్తారు. తప్పును ఖర్చు లేకుండా దిద్దుకోగలిగేది ఈ దశలోనే, కాబట్టి ఇక్కడ పావుగంట కేటాయించండి. కస్టమ్స్‌లో సుంకాన్ని సొంతంగా లెక్కకట్టుకునే బాధ్యత దిగుమతిదారుదే. చెక్‌లిస్ట్ ఏజెంట్ తయారుచేసినా అందులోని ప్రకటన మీది.

ముందు ధర షరతు చూడండి: ఎఫ్‌ఓబీ అని ఉందా, సీఐఎఫ్ అని ఉందా, ఇన్‌వాయిస్‌తో సరిపోయిందా. తర్వాత ఫ్రైట్, ఇన్సూరెన్స్ గళ్లు. మీరు ఫ్రైట్ సర్టిఫికెట్ ఇచ్చినా అక్కడ ఎఫ్‌ఓబీలో సరిగ్గా 20 శాతం కనిపిస్తే, మీ కాగితం వాడలేదన్నమాట. సీఐఎఫ్ ఇన్‌వాయిస్‌కు ఆ గళ్లలో విడిగా అంకెలుంటే, అవి మళ్లీ విలువకు కలిశాయేమో చూడండి. ఆ తర్వాత కరెన్సీ రేటు, హెచ్‌ఎస్‌ఎన్ కోడ్, పైన చెప్పిన భాగహారం.

ఒకే ఇన్‌వాయిస్‌లో రెండు మూడు రకాల సరుకులుంటే కిరాయి, బీమా వాటి మధ్య విలువను బట్టి పంచుతారు. మెషీన్‌తో పాటు తేలికైన, ఖరీదైన కంట్రోల్ ప్యానెల్ విడిగా ఉందనుకోండి. బరువులో అది పదో వంతైనా, ధరలో సగం ఉంటే కిరాయిలో సగం దాని మీద పడుతుంది. దాని బేసిక్ డ్యూటీ ఎక్కువైతే మొత్తం కూడా పెరుగుతుంది. అంచనా షీట్లో మీరు బరువును బట్టి పంచి ఉంటే లెక్క కుదరకపోవడానికి కారణం ఇదే.

దాఖలయ్యాక తప్పు బయటపడితే దారి పొడుగవుతుంది. సవరణకు 149వ సెక్షన్ కింద అనుమతి అడగాలి. సరుకు బయటికి వచ్చేశాక ఎక్కువ కట్టిన సుంకాన్ని ఊరికే రీఫండ్ అడిగితే ఇవ్వరు. ముందు ఆ అసెస్‌మెంట్‌నే మార్పించుకోవాలని సుప్రీంకోర్టు 2019లో ఐటీసీ కేసులో తేల్చింది. తర్వాత 2025 ఆర్థిక చట్టం 18ఏ సెక్షన్ తెచ్చి, క్లియరెన్స్ తర్వాత దిగుమతిదారే స్వయంగా సవరించుకునే అవకాశం ఇచ్చింది. అయినా అది కూడా దరఖాస్తు, పరిశీలన, సమయం ఉన్న పనే.

కట్టిన డబ్బులో తిరిగి వచ్చేదేది, రానిదేది

ఇక్కడ 5,39,168 రూపాయలను రెండుగా చీల్చాలి. బేసిక్ డ్యూటీ, సర్‌ఛార్జి కలిపి 1,60,380. దీనికి ఎక్కడా క్రెడిట్ లేదు, మెషీన్ ఖరీదులో కలిసిపోతుంది. ఐజీఎస్టీ 3,78,788 మాత్రం, మీరు పన్ను పడే సరుకే అమ్ముతున్న రిజిస్టర్డ్ వ్యాపారి అయితే ఇన్‌పుట్ టాక్స్ క్రెడిట్‌గా వస్తుంది. పన్ను లేని సరుకు అమ్మేవాళ్లకు, కంపోజిషన్ స్కీమ్‌లో ఉన్నవాళ్లకు అది రాదు, వాళ్లకు మొత్తం ఖర్చే. ఇంకో షరతు ఉంది. మెషీన్ లాంటి ఆస్తి ఖరీదులో ఐజీఎస్టీని కూడా కలిపి ఆదాయపు పన్నులో తరుగుదల క్లెయిమ్ చేస్తే ఆ పన్నుకు క్రెడిట్ దక్కదు. మీ ఆడిటర్ పుస్తకాల్లో ఖరీదు ఎంత రాస్తున్నారో ఆ సంవత్సరమే అడగండి.

క్రెడిట్ రావాలంటే బిల్ ఆఫ్ ఎంట్రీలో మీ జీఎస్టీఐఎన్ సరిగ్గా ఉండాలి. అప్పుడే అది జీఎస్టీఆర్-2బీలో దిగుమతుల పట్టికలో కనిపిస్తుంది. రెండు రాష్ట్రాల్లో రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్లు సరుకు వెళ్లే రాష్ట్రపు నంబరే చెక్‌లిస్ట్‌లో ఉందో లేదో తప్పక చూడండి. తెలంగాణ యూనిట్ మెషీన్‌కు ఆంధ్రప్రదేశ్ నంబరు పడితే 3,78,788 రూపాయల క్రెడిట్ వేరే ఖాతాలో కూర్చుంటుంది.

క్రెడిట్ తర్వాత వచ్చేదే అయినా నగదు మాత్రం ముందే కట్టాలి. అసెస్‌మెంట్ పూర్తయి బిల్ ఆఫ్ ఎంట్రీ చెల్లింపుకు వచ్చాక గడువు చాలా తక్కువ, మామూలుగా అదే రోజు లేదా మరుసటి పనిదినం. ఆలస్యమైతే ఏడాదికి 15 శాతం వడ్డీ. మన మొత్తం మీద అది రోజుకు సుమారు 222 రూపాయలే. పోర్టులో కంటైనర్ నిలిచినందుకు పడే డిటెన్షన్, డెమరేజీ దీనికంటే ఎన్నో రెట్లు ఉంటాయి. కాబట్టి ఓడ రేవుకు చేరకముందే 5,39,168 పూర్తి మొత్తాన్ని ఐస్‌గేట్‌లోని మీ ఎలక్ట్రానిక్ క్యాష్ లెడ్జర్‌లో కట్టగలిగేలా బ్యాంకు ఖాతాలో ఉంచుకోండి.